అడాప్టర్ ఉండగా బ్యాటరీ ఎందుకు ఖాళీ అయింది?

మా ఇంట్లో వైఫై రౌటర్ హాల్లో కాదు, వెనకగదిలో ఉంటుంది. కరెంటు పోతే అదీ పోతుంది. పిల్లల ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఒకసారి అలా పోయాక, నేనే ఒక బ్యాకప్ కట్టాను. పన్నెండు వోల్టుల అడాప్టర్ ఒకటి, మూడు లిథియం సెల్స్ వరసగా కలిపిన బ్యాటరీ ప్యాక్ ఒకటి. ఒక్కోదానికి ఒక్కో డయోడు పెట్టి, రెండు డయోడ్ల అవతలి కొసలు కలిపి, అక్కడినుంచి రౌటర్‌కి ఇచ్చాను. అడాప్టర్ ఉన్నంతసేపు అదే నడిపిస్తుంది, అది పోగానే బ్యాటరీ అందుకుంటుంది అనుకున్నాను. బ్యాటరీని విడిగా, వారానికోసారి చార్జ్ చేసుకునేవాణ్ని.

కట్టిన రోజు పరీక్షించాను. అడాప్టర్ ప్లగ్ పీకినా రౌటర్ లైట్లు ఆరలేదు. ఆ ధైర్యంతో మరుసటి రోజు ఫైబర్ బాక్సునీ, గుమ్మం దగ్గరి చిన్న కెమెరానీ అదే తీగకి తగిలించాను. ఆ ఆదివారం బ్యాటరీ నిండుగా చార్జ్ చేసి పెట్టాను. సోమవారం పొద్దున కరెంటు పోయింది. రౌటర్ రెండు నిమిషాలు కూడా నిలవలేదు. రాత్రంతా కరెంటు ఉంది, అడాప్టర్ వేడిగానే ఉంది, బ్యాటరీ మాత్రం ఖాళీ.

డయోడు పాడైందనుకుని రెండూ విప్పి మీటరుతో చూశాను. రెండూ నిక్షేపంలా ఉన్నాయి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మా మేనకోడలు దసరా సెలవులకి వచ్చినప్పుడు ఈ గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని, "మావయ్యా, రెండిట్లో ఏ డయోడు పనిచేస్తోందో మీరు ముందే తీర్మానం చేసేసుకున్నారు. తీర్మానం కాదు, ఊహ చెయ్యాలి. ఊహించి, లెక్కవేసి, సరిపోయిందో లేదో చూడాలి" అంది. ఆ సాయంత్రం మేం వేసిన లెక్కే ఈ వ్యాసం.

డయోడు గురించి అందరికీ తెలిసిన మాట ఒకటుంది: కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. (ఇక్కడినుంచి కరెంటు అంటే ఆంపియర్లలో కొలిచే ప్రవాహం. మనం "పోయింది, వచ్చింది" అనే కరెంటుని సరఫరా అంటాను.) అందరికీ తెలియని మాట ఇంకొకటుంది. ఆ ఒకవైపు కూడా ఊరికే పోనివ్వదు. సుంకం వసూలు చేస్తుంది. మామూలు సిలికాన్ డయోడులో ఆ సుంకం సుమారు 0.7 వోల్టు.

నిజానికి ఆ సుంకం స్థిరం కాదు. డయోడు మీద వోల్టేజి కొద్దిగా పెరిగితే కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. విలియం షాక్లీ 1949లో రాసిన సమీకరణం ఈ సంబంధాన్నే చెబుతుంది. కానీ ఆ సమీకరణంతో ఒక చిన్న సర్క్యూట్‌ని కూడా కాగితం మీద సూటిగా సాధించలేం. దాని ఆకారం చూస్తే ఒక సౌకర్యం కూడా కనబడుతుంది. కరెంటు పది రెట్లు మారినా వోల్టేజి వోల్టులో పదో వంతు కూడా కదలదు. అందుకని ఇంజనీర్లు ఒక రాజీకి వచ్చారు. డయోడు పనిచేస్తుంటే దాని మీద కచ్చితంగా 0.7 వోల్టు ఉన్నట్టే లెక్క, ఎంత కరెంటు పోయినా సరే. పనిచేయకపోతే అసలు తీగే తెగినట్టు లెక్క. స్థిర వోల్టేజి మోడల్ అంటే ఇంతే.

ఈ రాజీతో లెక్క సులువవుతుంది కానీ కొత్త చిక్కు ఒకటి వస్తుంది. పనిచేసే డయోడుకి ఒక లెక్క, పనిచేయని డయోడుకి ఇంకొక లెక్క. ఏది ఏ స్థితిలో ఉందో తెలిస్తే తప్ప లెక్క మొదలుపెట్టలేం, లెక్క పూర్తయితే తప్ప ఏది ఏ స్థితిలో ఉందో తెలియదు. ముందు ఒక స్థితి ఊహించుకోవడం తప్ప దీనికి దారి లేదు. ఊహించాక ప్రతి డయోడునీ ఒక్క ప్రశ్న అడగాలి. పనిచేస్తోందని ఊహించిన డయోడు గుండా కరెంటు సరైన దిశలోనే పోతోందా? పనిచేయదని ఊహించిన డయోడు మీద వోల్టేజి 0.7 కంటే తక్కువే ఉందా? అందరూ అవునంటే ఊహ నిజం. ఒక్కటి కాదన్నా ఊహ తప్పు, దానితోపాటు ఆ లెక్కలో వచ్చిన ప్రతి అంకె కూడా తప్పే.

ఇప్పుడు మా ఇంటి సర్క్యూట్ చూద్దాం. అడాప్టర్ 12 వోల్టులు. అది హాల్లో ఉంది, రౌటర్ వెనకగదిలో ఉంది, మధ్యలో నేను లాగిన వైరు సన్నది, జాయింట్లు చేత్తో మెలిపెట్టినవి. వాటన్నిటి రెసిస్టెన్స్ కలిపి 2 ఓములు. అమ్మాయి దాన్ని ఊహించలేదు, కొలిచింది. రౌటర్ ఒక్కటే నడుస్తూ 0.27 ఆంపియర్ తీసుకుంటున్నప్పుడు, అడాప్టర్ దగ్గర 12 ఉన్న వోల్టేజి డయోడు చేరేసరికి 11.46 అయింది. పోయిన 0.54 వోల్టుని 0.27 తో భాగిస్తే 2 ఓములు. అలాగే బ్యాటరీ వైపు సెల్స్, రక్షణ బోర్డు, తీగలు కలిపి 1 ఓము తేలింది. ఆ రోజు బ్యాటరీ 11.2 వోల్టుల దగ్గర ఉంది. రౌటర్, ఫైబర్ బాక్సు, కెమెరా మూడూ కలిసి సుమారు ఒక ఆంపియర్ తాగుతాయి. లెక్క కోసం వాటిని 10 ఓముల రెసిస్టర్‌గా తీసుకున్నాం.

నా మొదటి ఊహ మీకు తెలిసిందే. అడాప్టర్ 12, బ్యాటరీ 11.2. పెద్దది గెలుస్తుంది కాబట్టి అడాప్టర్ డయోడు పనిచేస్తుంది, బ్యాటరీ డయోడు ఊరుకుంటుంది. వేసి చూద్దాం. అడాప్టర్ 12 లో డయోడు సుంకం 0.7 తీసేస్తే 11.3 వోల్టులు మిగులుతాయి. అవి 2 ఓముల వైరు, 10 ఓముల లోడు కలిసిన 12 ఓముల మీద పంచుకోవాలి. లోడుకి దక్కేది 11.3 లో పన్నెండింట పది వంతులు, అంటే 9.42 వోల్టులు. అడాప్టర్ డయోడు గుండా 0.94 ఆంపియర్, సరైన దిశలోనే. ఇక్కడిదాకా అంతా సవ్యం. చాలామంది ఇక్కడే ఆపేసి జవాబు కింద గీత గీస్తారు. నేనూ అదే చేశాను.

"రెండోదాన్ని అడగలేదు మావయ్యా" అంది. బ్యాటరీ డయోడుకి ఒకవైపు బ్యాటరీ వోల్టేజి 11.2, ఇంకోవైపు 9.42. కరెంటు పోదని ఊహించాం కాబట్టి ఆ 1 ఓములో నష్టమేమీ లేదు. అంటే డయోడు మీద 1.78 వోల్టులు ఉండాలి. 0.7 దగ్గరే తలుపు తెరిచేసే డయోడు 1.78 మీద పెట్టుకుని మూసుకుని కూర్చోవడం అసాధ్యం. ఊహ తప్పింది.

అయితే రెండూ పనిచేస్తున్నాయని ఊహిద్దాం. అడాప్టర్ దారిలో సుంకం పోగా 11.3, బ్యాటరీ దారిలో 10.5. కలిసేచోట వోల్టేజిని V అనుకుంటే, రెండు దారుల్లో వచ్చే కరెంట్ల మొత్తం లోడులోకి పోయే కరెంటుకి సమానం కావాలి.

(11.3 − V)/2 + (10.5 − V)/1 = V/10

ఇది సాధిస్తే V 10.09 వోల్టులు వస్తుంది. అడాప్టర్ నుంచి 0.60 ఆంపియర్, బ్యాటరీ నుంచి 0.41 ఆంపియర్. రెండూ ముందుకే పోతున్నాయి, రెండూ కలిపి లోడు తీసుకునే 1.01 ఆంపియర్‌కి సరిపోయాయి. ఊహ నిలబడింది. అడాప్టర్ వోల్టేజి ఎక్కువే, సరఫరా ఉంది, అయినా బ్యాటరీ ఐదింట రెండు వంతుల బరువు మోస్తోంది. నా బ్యాటరీ ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.

మరి కట్టిన రోజు పరీక్షలో ఈ దొంగతనం ఎందుకు బయటపడలేదు? బయటపడేది కాదు, ఎందుకంటే ఆ రోజు దొంగతనమే లేదు. అప్పుడు రౌటర్ ఒక్కటే ఉంది, అంటే సుమారు 40 ఓముల లోడు. అదే సమీకరణంలో 10 బదులు 40 పెడదాం. రెండూ పనిచేస్తున్నాయనే ఊహతో V 10.59 వస్తుంది. ఇప్పుడు బ్యాటరీ దారి చూడండి. సుంకం పోగా మిగిలిన 10.5 కంటే కలిసేచోట వోల్టేజి ఎక్కువగా ఉంది. కరెంటు మైనస్ 0.09 ఆంపియర్ వస్తుంది. మైనస్ అంటే డయోడులోంచి వెనక్కి, బ్యాటరీలోకి పోతున్నట్టు. డయోడు ఆ పని చేయదు. ఊహ తప్పు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటి అమ్మాయి చెప్పింది. మైనస్ వచ్చిన కరెంటుని సున్నా చేసేసి, మిగతా అంకెలు అలాగే ఉంచేస్తారట. అలా కుదరదు. 10.59 అనే అంకె వచ్చిందే డయోడు వెనక్కి కరెంటు పోనిస్తుందనే తప్పుడు ఊహ మీద. పునాది తీసేశాక గోడ ఉండదు. బ్యాటరీ డయోడు తెగినట్టు పెట్టుకుని మొదటినుంచీ వేయాలి. 11.3 వోల్టులు 42 ఓముల మీద పంచుకుంటే లోడుకి 10.76 వోల్టులు, కరెంటు 0.27 ఆంపియర్. బ్యాటరీ డయోడు మీద 11.2 లోంచి 10.76 పోగా 0.44 వోల్టు. ఇది ప్లస్సే కదా, పనిచేయాలి కదా అని నాకు అనుమానం వచ్చింది. ఈ మోడల్‌లో గీత సున్నా దగ్గర లేదు, 0.7 దగ్గర ఉంది. 0.44 తో తలుపు తెరుచుకోదు. రెండు ప్రశ్నలకీ అవుననే జవాబు వచ్చింది కాబట్టి ఈ ఊహ నిజం.

అదే సర్క్యూట్, అవే డయోడ్లు, అవే వోల్టేజీలు. లోడు మారేసరికి జవాబు మారింది. ఎక్కడ మారుతుందో కూడా చెప్పొచ్చు. రెండు దారుల మధ్య తేడా 0.8 వోల్టు. అడాప్టర్ దారిలోని 2 ఓములలో అంత వోల్టేజి పోయేది 0.4 ఆంపియర్ దగ్గర. లోడు 0.4 ఆంపియర్ లోపు ఉంటే బ్యాటరీకి విశ్రాంతి, దాటితే పని. రౌటర్ ఒక్కటి ఆ గీతకి ఇవతల, ఫైబర్ బాక్సూ కెమెరా చేరాక అవతల.

ఆదివారం రాత్రి కథ ఇంకా అన్యాయం. నిండుగా చార్జ్ అయిన మూడు సెల్స్ ప్యాక్ 12.6 వోల్టులు ఉంటుంది, అంటే అడాప్టర్ కంటే ఎక్కువ. మూడు పరికరాలూ తగిలించి రెండు డయోడ్లూ పనిచేస్తున్నాయని ఊహిస్తే కలిసేచోట 10.97 వోల్టులు వస్తాయి. బ్యాటరీ నుంచి 0.93 ఆంపియర్, అడాప్టర్ నుంచి 0.17 మాత్రమే. ప్రశ్నలకి జవాబులు సరిపోయాయి కాబట్టి ఇదే నిజం. అడాప్టర్ గోడకి వేలాడుతుంటే సంసారం బ్యాటరీ ఈదుతోందన్నమాట. బ్యాటరీ దిగుతున్నకొద్దీ దాని వాటా తగ్గుతుంది, చివరికి ఒకచోట ఆగుతుంది. ఎక్కడ? ఇందాక అడాప్టర్ ఒక్కటే మోస్తే 9.42 వచ్చింది కదా, దానికి 0.7 కలిపితే సుమారు 10.1 వోల్టులు. బ్యాటరీ అంతవరకూ దిగాకే దాని డయోడు మూసుకుంటుంది. సెల్ ఒక్కింటికి 3.4 వోల్టుల లోపు. అప్పటికి లిథియం సెల్‌లో మిగిలేది అడుగున చుక్కలే. సోమవారం పొద్దున నాకు దక్కింది అవే.

రెండు డయోడ్లకి నాలుగు రకాల ఊహలు చేయొచ్చు. మూడుంటే ఎనిమిది, పదుంటే వెయ్యి ఇరవైనాలుగు. ఇవన్నీ వరసగా ప్రయత్నించాలా అంటే అక్కర్లేదు. రెసిస్టర్లు, డయోడ్లు, వోల్టేజి సోర్సులు మాత్రమే ఉన్న మామూలు సర్క్యూట్‌లో సరిపోయే జవాబు ఒకటే ఉంటుంది. అది దొరికిన క్షణంలో ఆగిపోవచ్చు, మిగతావి చూడనక్కర్లేదు. ట్రాన్సిస్టర్లు చేరితే ఈ భరోసా ఉండదు. రెండు స్థితుల్లోనూ నిలబడే సర్క్యూట్లు ఉన్నాయి, కంప్యూటర్ మెమరీలో ఒక రకం నడిచేదే దాని మీద. తప్పిన ఊహ కూడా ఊరికే పోదు. తర్వాత ఏది మార్చాలో అదే చెబుతుంది. మైనస్ కరెంటు వచ్చిన డయోడుని మూసెయ్యి, 0.7 దాటిన డయోడుని తెరువు, మళ్లీ లెక్కవెయ్యి. చాలాసార్లు రెండు మూడు మలుపుల్లో తేలిపోతుంది.

లెక్క అయ్యాక మీటరు పెట్టాం. రౌటర్ ఒక్కటే ఉన్నప్పుడు బ్యాటరీ డయోడు మీద 0.44 రావాలి. మీటరు 0.53 చూపించింది. అమ్మాయి కంగారు పడలేదు. అడాప్టర్ డయోడు మీద పెట్టి చూపించింది, 0.8 ఉంది. నేను వాడింది బజారులో అందరూ ఇచ్చే 1N4007. పావు ఆంపియర్ పోతుంటే దాని మీద 0.7 కంటే ఎక్కువే ఉంటుంది. లెక్కలో 0.7 బదులు 0.8 పెడితే అవతలి డయోడు మీద సరిగ్గా 0.53 వస్తుంది. మోడల్ అంకెల్లో కొంచెం తప్పింది, తీర్పులో తప్పలేదు. గీతకి దూరంగా ఉన్నంతకాలం ఈ మోడల్‌ని నమ్మొచ్చు. 1.78 వచ్చినచోట 0.7 అన్నా 0.9 అన్నా తీర్పు ఒకటే. అదే లోడు 0.4 ఆంపియర్ దగ్గరే తచ్చాడుతుంటే మాత్రం మోడల్ చెప్పే "పనిచేస్తోంది, లేదు" అనే మాటకి విలువ లేదు. అక్కడ నిజం డయోడు సగం తెరిచిన తలుపులా ఉంటుంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. రౌటర్ నిజానికి రెసిస్టర్ కాదు. వోల్టేజి తగ్గితే అది కరెంటు ఇంకాస్త ఎక్కువ లాగుతుంది. అంటే అసలు పరిస్థితి మా లెక్క కంటే కొద్దిగా అధ్వానమే.

మరమ్మతు దగ్గర నాకు మొదట తట్టిన ఉపాయం తక్కువ సుంకం తీసుకునే షాట్కీ డయోడ్లు వేయడం. రెండూ మార్చేస్తే పోలా అన్నాను. లెక్క వేయమంది. ఒక్కోటి 0.3 తీసుకుంటే దారులు 11.7, 10.9 అవుతాయి. తేడా మళ్లీ 0.8 వోల్టే. గీత కదల్లేదు, 0.4 ఆంపియర్ దగ్గరే ఉంది. రెండు వైపులా సమానంగా తగ్గిన సుంకం పోటీని మార్చదు. అడాప్టర్ వైపు ఒక్కటే మారిస్తే తేడా 1.2 అయ్యి గీత 0.6 ఆంపియర్‌కి జరుగుతుంది, మా ఒక ఆంపియర్‌కి అదీ చాలదు.

అసలు దొంగ డయోడు కాదు, ఆ 2 ఓముల వైరు. సన్న వైరు పీకేసి లావు వైరు లాగాం, జాయింట్లకి సోల్డర్ పెట్టాం. రెసిస్టెన్స్ పావు ఓముకి దిగింది. ఇప్పుడు అడాప్టర్ ఒక్కటే మోసినా కలిసేచోట 11.02 వోల్టులు ఉంటాయి. బ్యాటరీ 11.7 దాకా దిగేసరికి దాని డయోడు మూసుకుంటుంది. సెల్‌కి 3.9 వోల్టులు, అంటే సగానికి పైగా చార్జ్ మిగిలే ఉంటుంది. నిండు చార్జ్‌లో పైభాగం ఇప్పటికీ ఊరికే పోతోంది. అది కూడా పోకూడదంటే రెండు డయోడ్లతో కాదు, సరఫరా ఉందో లేదో చూసి మార్చే సర్క్యూట్ ఉండాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటి రెండు డయోడ్ల ఏర్పాటు ఉంటే సరఫరా ఉన్నప్పుడు, అన్ని పరికరాలూ నడుస్తుండగా బ్యాటరీ వైపు డయోడు రెండు కొసల మీద మీటరు పెట్టండి. సిలికాన్ డయోడు మీద 0.5 లోపు చూపిస్తే బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నట్టు. 0.7, 0.8 చూపిస్తే అది అప్పుడే ఖర్చవుతోంది.